ఊరిమిండికి మూడు పేర్లు

పార్టీలవాళ్లు కత్తులు దూసుకున్న ఎన్నికల గొడవల్లో జమ్మలమడుగులోని మా రాహేలత్త హోటల్ మూతబడింది. ఏ పార్టీవాడూ తెరిపించలేదు. ఇక యూట్యూబే ఆమెకు ఆధారం. కానీ శెనక్కాయల ఊరిమిండి వీడియోను మా జిల్లావాళ్లు తప్ప ఎవరూ చూడలేదు.

"కోస్తావాళ్లు వేరుశనగ పచ్చడి అని, తెలంగాణవాళ్లు పల్లీ చట్నీ అని వెతుకుతారత్తా. ఊరిమిండి అనే పేరు తీసేద్దాం," అన్నాను.

"తీసేస్తే మనోళ్లకు యాడ దొరుకుతాదప్పా? మూడూ పెట్టు. ఎన్ని పేర్లు పెట్టినా నూరింది నేనే గదా."

శీర్షికలో ఊరిమిండి పక్కన పల్లీ చట్నీ చేర్చాను. వేరుశనగ పచ్చడిని వివరణ మొదటి వరుసలో రాశాను.

వారంలో వేలమంది చూశారు. ఇది మాదంటే మాదని కాకినాడ, వరంగల్ మనుషులు కామెంట్లలో వాదులాడుకున్నారు. అత్తకు చదివి వినిపించాను.

"కొట్లాడనీలేప్పా," అని నవ్వింది. "ఈళ్లు కత్తులు తెచ్చుకోలేదు గదా. ఇంకో వీడియో తీద్దాం పా."