తాతమ్మ పేరున్న చెంబు

మస్కట్‌లో పనిచేస్తున్న చెల్లి, తాతమ్మ పెళ్లినాటి ఇత్తడి చెంబు పంపమంది. దాని మీద చెక్కిన పేరూ ఏడాదీ బాగా కనబడాలని చింతపండుతో తోమి పలాస కొరియర్ ఆఫీసుకు తీసుకెళ్లాను. పురావస్తువు కాదని సర్టిఫికెట్ తెమ్మన్నారు.

పురావస్తు శాఖ అధికారి ఆ ఏడాది చదివాడు. "నూరేళ్లు దాటింది. ఇంట్లో వాడుకోండి, దేశం దాటించకూడదు. పాతవన్నీ పోతే ఇక్కడేం మిగులుతుంది?" అన్నాడు. ఇన్నాళ్లూ మా వంటింట్లో అది సొట్టలు పడుతుంటే ఏ శాఖా రాలేదు.

"ఆ అచ్చరాలు అరగదీయించెయ్. ఎవులికి తెలుత్తాది?" అంది అమ్మ.

ఫోన్‌లో చెల్లికి అదే చెప్పాను.

"పేరు తీసేత్తే, సెంబులు ఇక్కడ కొట్లో బోల్డున్నాయక్కా."