దీపాలు పెట్టాక బేరాల్లేవు

గొర్రె పళ్ళు చూసి వయసు చెప్పడంలో నాకు పేరుంది. కింది దవడలో ముందు రెండు పెద్ద పళ్ళు వచ్చాయంటే ఏడాది దాటినట్టు. ఎనిమిదీ వచ్చాయంటే నాలుగేళ్ళు. అరిగి, సందులు పడి, కదులుతున్నాయంటే దాన్ని పెంపకానికి కొనకూడదు. ఉదయగిరిలో గొర్రెల బేరగాడైన మా నాయన దగ్గర నేర్చుకున్న విద్య ఇది.

పగలు ఇంత తెలివి ఉన్నవాణ్ణి, రాత్రయితే ఫోనులో పందాలు కాసేవాణ్ణి. పదింటికి తెలిసిన క్రికెట్‌తో మొదలయ్యేది. ఒంటిగంటకు, పోయింది రాబట్టుకోవాలని ఏ ఆట దొరికితే దాని మీద కాసేవాణ్ణి. ఒకసారి రెండింటప్పుడు ఎక్కడో ఇద్దరు ఆడవాళ్ళు ఆడుతున్న టేబుల్ టెన్నిస్ మీద కాశాను. ఎన్ని పాయింట్లొస్తే గెలుపో కూడా నాకు తెలియదు. పగటిపూట ఇంకెవడైనా ఆ పని చేస్తే పొట్ట పట్టుకుని నవ్వి ఉండేవాణ్ణి.

అలాంటి ఒక రాత్రి తెల్లారాక ఆత్మకూరు సంతకు వెళ్ళాను. దుత్తలూరు దగ్గరి పల్లెలో ఒకామె ఉంది. చుట్టం కాదుగానీ అక్కా అని పిలుస్తాను. మొగుడు పోయాక ఆమెకు గొర్రెలే ఆధారం. ఆరు ఆడగొర్రెలు కొనిపెట్టమని తన దగ్గరున్న డబ్బంతా నా చేతిలో పెట్టింది. సంతలో ఒకడు ఆరింటినీ కలిపి చవగ్గా ఇస్తానన్నాడు. రాత్రి పోయింది ఇక్కడ మిగుల్చుకోవచ్చని నా నిద్రలేని బుర్రకు తోచింది. రెండింటి నోళ్ళు తెరిచి చూశాను. మిగతావి పైపైన చూసే కొనేశాను.

అక్క తన వాకిట్లో ఒక్కొక్కదాని నోరూ తెరిచింది. నాలుగింటికి పళ్ళు కదులుతున్నాయి.

"తమ్ముడూ, ఇవి నా ఈడువి కదా. గడ్డి నమల్లేని వీటికి నేను సంగటి కలిపి పెట్టాల్నా?" అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆ నాలుగింటినీ వెనక్కి తెచ్చుకుని, మా మందలో గట్టి పళ్ళున్నవి నాలుగు ఆమెకు తోలి వచ్చాను. సిగ్గుతో ఆమె ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు అంతా చెప్పేశాను.

"దీపాలు పెట్టినాక బేరమాడొద్దు, పళ్ళు కనపడవు అని మామ మొత్తుకునేటోడు కదా. మరి అర్ధరాత్రి నువ్వు ఎవురి నోరు తెరిచి చూసి పందెం కాస్తా ఉండావు?" అంది.

అంతకుముందు మానాలని నేను చూడలేదా? చూశాను. తెల్లవారుజామున ఆ యాప్ తీసేసేవాణ్ణి, మళ్ళీ రాత్రికి పెట్టుకునేవాణ్ణి. ఫోను దిండు కింద పెట్టుకుని, ఇక ముట్టనని ఒట్టేసుకునేవాణ్ణి. అర్ధరాత్రి నేను తీసుకునే నిర్ణయాల విలువెంతో టేబుల్ టెన్నిస్ చెప్పనే చెప్పింది. అందుకని బుర్ర పనిచేసే వేళలోనే తలుపు మూయాలని ఇద్దరం అనుకున్నాం.

రాత్రి ఎనిమిదింటికి సిమ్ తీసి పాత బటన్ల ఫోనులో వేస్తాను, పల్లెల నుంచి ఎవరైనా ఫోను చేస్తే మాట్లాడటానికి అది చాలు. పెద్ద ఫోను మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. బ్యాంకులో ఉన్న డబ్బు కూడా ఆమె ఖాతాలోకి మార్చాం. తర్వాత భోజనం, దొడ్లో గొర్రెల గిట్టలు చూసుకోవడం, వేణ్ణీళ్ళ స్నానం. సాయంత్రం టీ మానేశాను. మధ్యాహ్నం కునుకు కూడా. నిద్ర పట్టినా పట్టకున్నా ఐదింటికి లేవాల్సిందే.

మొదటి వారం నరకం. పదయ్యేసరికి వేళ్ళు బీరువా వైపు లాగేవి. అప్పుడు మా ఆవిడ నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి పులీమేకా ఆటకు కూర్చోబెట్టేది. రెండు ఆటలయ్యేసరికి ఆ యావ తగ్గేది. ప్రతిసారీ నేనే ఓడేవాణ్ణి. "పందెం కాసుంటే ఈపాటికి పంచె కూడా నాదే" అని నవ్వేది. మూడో వారంలో ఒక రాత్రి తాళంచెవి వెతుకుతూ దొరికిపోయాను. ఆమె అరవలేదు, మర్నాటి నుంచి తాళంచెవిని పక్కింట్లో ఇవ్వడం మొదలుపెట్టింది. రెండు నెలలకు పదింటికల్లా కళ్ళు వాటంతట అవే మూతపడసాగాయి.

పోయిన నెల అక్క మా ఇంటికి వచ్చింది, ఇంకో మూడు గొర్రెలు కావాలని. నా రాత్రి పందాల సంగతి మా ఆవిడ ఆమెకు ఎప్పుడో చెప్పేసింది; అయినా నా దగ్గరికే వచ్చిందని నాకు గాల్లో తేలినట్టయింది. ఆమె నా దగ్గరికొచ్చి, కడుపులో నులిపాములుండి రక్తం తగ్గిందేమోనని గొర్రెకు చూసినట్టు, బొటనవేలితో నా కంటి కింది రెప్ప లాగి చూసింది.

"రాత్రి ఎప్పుడు పండుకున్నావు?"

"పదికి, అక్కా."

ఆమె మా ఆవిడ వైపు తిరిగింది.

"పదిన్నర" అంది మా ఆవిడ.

అక్క కొంగుముడి విప్పి, డబ్బు తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది. "సంత నాడు పొద్దన్నే ఈయన కళ్ళు చూసి ఇయ్యమ్మా. ఎర్రగా ఉండాయంటే నీ కాడే పెట్టుకో."

నవ్వుతూనే తలూపాను గానీ, ఆ అరగంట నేనెందుకు దాచానో నాకే తెలియలేదు.