సెలవు మంజూరు చేయండి, లారీ పంపుతాం

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో యేసురత్నం డిస్పాచ్ ఇన్‌చార్జి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ లోడూ తప్పిపోనివ్వలేదు. కానీ ఆయన పంపే ప్రతి ఈమెయిల్ కిందా పదకొండు లైన్ల సంతకం ఉండేది. పేరు, ఎం.ఏ., హోదా, చర్చి కార్యదర్శి పదవి, మాజీ వాలీబాల్ కెప్టెన్ అన్న బిరుదు, ఒక బైబిల్ వాక్యం, ఒక గులాబీ బొమ్మ, రెండు ఫోన్ నంబర్లు. 'సరే' అని ఒక్క మాట రాసినా కింద ఈ ఊరేగింపంతా వచ్చేది.

జూన్ తొమ్మిదో తేదీ, సోమవారం, వాళ్ల నాయన సమాధికి రాయి చెక్కించడానికి మూడు రోజులు సెలవు పెట్టి ఆళ్లగడ్డకు బయల్దేరాడు. పోయే ముందు, తాను లేనప్పుడు వచ్చే మెయిళ్లకు తనంతట తానే పోయే జవాబు ఒకటి కంప్యూటర్లో పెట్టాడు. సెలవు గురించి రాయడం ఆయనకు బడిలో నేర్పిన పద్ధతొక్కటే తెలుసు. ఇంగ్లీషులో రాసిన ఆ జవాబు సారాంశం ఇది: 'అయ్యా, మా తండ్రిగారి సమాధి రాయి పని మీద పోవుచున్నాను. కావున తమరు దయతలచి మూడు రోజుల సెలవు మంజూరు చేయవలెనని ప్రార్థన. తమ విధేయుడు.'

ఎప్పుడొస్తాడో లేదు. ఎవరిని అడగాలో లేదు. విధేయత మాత్రం దండిగా ఉంది.

మధ్యాహ్నానికి ఆయన ఫోన్లో మెయిళ్లు టింగుటింగుమన్నాయి. ఆదోని నుంచి ఒక వ్యాపారి, 'మంజూరు చేయడమైనది' అని రాశాడు. గుంటూరు నుంచి ఇంకొకాయన, 'రెండు రోజులే ఇస్తాను' అన్నాడు. ఏదో ఎగతాళి అనుకుని యేసురత్నం ఫోన్ జేబులో పెట్టేశాడు, మళ్లీ మెయిళ్ల జోలికి పోలేదు.

రాయచూరు డీలర్ లక్ష్మీనారాయణకు మాత్రం నవ్వు రాలేదు. పత్తి విత్తనాల కోసం ఆయన లారీ కంపెనీ గేటు ముందు నిలబడి ఉంది. రాయచూరులో వాన పడింది, రైతులు దుకాణం ముందు కూర్చున్నారు. గేట్ పాస్ కోసం అయిదు మెయిళ్లు పెట్టాడు. ఆ జవాబు ఒక మనిషికి ఒకసారే పోతుంది కాబట్టి, మొదటిదానికి సెలవు చీటీ వచ్చింది, మిగతా నాలుగింటికీ ఉలుకూ పలుకూ లేదు. సంతకంలోని మొదటి నంబరుకు చేస్తే, ఆ ల్యాండ్‌లైన్ తీసేసి మూడేళ్లయింది. రెండోది యేసురత్నం ఎప్పుడో వదిలేసిన సెల్ నంబరు. ఇప్పుడది గోస్పాడులో రంగనాయకమ్మ దగ్గరుంది.

"యేసురత్నం యాడుండాడో నాకేం తెలుసప్పా! పొద్దన్నుంచి నువ్వు నాలుగోవాడివి. ఆయన నా మొగుడు కాదు!" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

మరునాడు ఉదయం లారీ డ్రైవరే ఓపిక చచ్చి లోపలికొచ్చాడు. ఆ లోడు కాగితాలు యేసురత్నం పక్క టేబుల్ మీదే, ఆయన సెక్షన్లోనే పనిచేసే బ్లెస్సీ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పది నిమిషాల్లో లారీ కదిలింది. ఒక రోజు మాత్రం పోయింది. డీలరు డ్రైవరుకు పంపిన ఆ సెలవు చీటీ చదివి, బ్లెస్సీ ఆళ్లగడ్డకు ఫోన్ చేసింది. అక్కడ రాళ్లు కోసే మిషన్ల మోత.

"సార్, ఏందీ మీరు పెట్టిన జవాబు? మీ నాయన సమాధి సంగతి రాయచూరోళ్లకు ఎందుకు సార్?"

"కారణం చెప్పకుండా సెలవెట్ల అడుగుతారు పాపా?"

"సెలవు ఎండీ గారిచ్చినారు కదా! డీలర్లను మళ్లీ అడుక్కుంటాండారేంది?"

యేసురత్నానికి అప్పుడు వెలిగింది. ఆదోని, గుంటూరు మెయిళ్లు గుర్తొచ్చి చెవులు కాలాయి. మిషన్లకు దూరంగా, రోడ్డు పక్కకొచ్చి నిలబడ్డాడు. బ్లెస్సీ చెబుతుంటే ఫోన్లోనే టైపు చేశాడు:

'నమస్కారం. జూన్ 9 నుంచి 11 వరకు సెలవులో ఉన్నాను. 12న ఆఫీసుకు వస్తాను. అత్యవసరమైతే డిస్పాచ్ విభాగంలో బ్లెస్సీ గారిని సంప్రదించండి.' దాని కింద ఆమె నంబరు, మెయిల్.

"పదకొండో తేదీ రాత్రికి ఆగిపోయేటట్ల తేదీ కూడా పెట్టండి సార్. లేకపోతే క్రిస్మస్‌కు కూడా మీరు సెలవులోనే ఉంటారు."

సంతకం దగ్గర పేచీ వచ్చింది. గులాబీ పోయింది, వాలీబాల్ పోయింది, చర్చి పదవి పోయింది.

"వాక్యం కూడా తీసేయాల్నా? నువ్వూ చర్చికొచ్చేదానివే కదా!"

"ఆదివారం వింటాను సార్. లారీ డ్రైవరుకు గేట్ పాస్ చాలు."

చివరికి పేరు, హోదా, కంపెనీ, ఊరు, మోగే ఫోన్ నంబరు మిగిలాయి. ఎం.ఏ. కోసం చాలాసేపు బతిమాలాడు. ఆమె వినలేదు. పదహారేళ్లు ప్రైవేటుగా పరీక్షలు కట్టి సంపాదించిన డిగ్రీ అది. దాన్ని ఆయన ఒక్కో అక్షరంగా చెరిపాడు.

లక్ష్మీనారాయణకు స్వయంగా ఫోన్ చేసి, "తప్పు నాదేనప్పా" అన్నాడు. అవతల కాసేపు తిట్లు, తర్వాత ఒక నిట్టూర్పు.

"సరేలే. ఇంతకూ నాయన పోయి ఎన్నాళ్లయింది?"

"వచ్చే నెలకు ఏడాది."

"అయితే రాయి బాగా చెక్కించుకో. సెలవు మంజూరు."

పన్నెండో తేదీ ఆయన ఆఫీసుకొచ్చేసరికి ఎండీ గారి మెయిల్ ఎదురుచూస్తోంది: అందరూ యేసురత్నం గారిలా సంతకాలు పొట్టిగా పెట్టుకోవాలని ఆదేశం. కింద ఎండీ గారి సంతకం పదిహేడు లైన్లు, సూర్యోదయం ఫోటోతో సహా. యేసురత్నం బ్లెస్సీ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపి, కాగితాల్లో మునిగిపోయింది.