ఆరు దాటాక ఇంటికి చేయండి

ఎనభైల్లో అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కారు విడిభాగాల కంపెనీలో ఇంజనీరుగా చేసేవాణ్ణి. ఇంకా చేతికి రాని నా గ్రీన్ కార్డు ఆ కంపెనీ స్పాన్సర్‌షిప్ మీదే ఆధారపడి ఉండేది.

ఒకరోజు ఒక రిక్రూటర్ ఆఫీసుకే ఫోన్ చేసి, వేరే ఉద్యోగం గురించి మాట్లాడాలి, ఎప్పుడు వీలని అడిగాడు. పక్క బల్ల బాస్‌ది. నంబర్ రాసుకుని పెట్టేశాను. లంచ్‌లో వీధి చివర పే ఫోన్ నుంచి చేసి, ఇంటి నంబరిచ్చి, "ఆఫీస్‌కి చేయొద్దండీ, మావాళ్లకి తెలియకూడదు. సాయంత్రం ఆరు దాటాక ఇంటికి కాల్ చేయండి," అన్నాను.

ఆ సాయంత్రమే నా కారు స్టార్ట్ కాలేదు. బాసే ఇంటి దగ్గర దింపాడు. మా ఆవిడ ఆయన్ని కాఫీకి కూర్చోబెట్టింది. ఇంతలో ఫోన్ మోగింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అన్నాడు రిక్రూటర్.

బాస్ నావైపే చూస్తున్నాడు. "రాంగ్ నంబర్," అన్నాను.

"అర్థమైంది. రేపు చేస్తాను," అని ఆయన పెట్టేశాడు.

"ఆయనేనా?" అని మా ఆవిడ తెలుగులో అడిగింది.

"ఊరుకో," అన్నాను నవ్వుతూనే.

మర్నాడు రిక్రూటర్ ఫోన్ చేసి మొదట అడిగింది గ్రీన్ కార్డు గురించే. ఇంకా రాలేదన్నాను. "అది వచ్చాక మాట్లాడుకుందాం," అన్నాడు, మర్యాదగానే.

మూసేసిన తలుపు ముందు నిలబడ్డట్టు అనిపించింది; ఆ కార్డు వచ్చేదాకా నాకు ఈ కంపెనీయే గతి.