వందనాలకు గడి లేని సెమినార్

మా అమ్మాయికి ఆ సెమినార్‌లో పోయినవి ముందు రాస్తాను. ఇరవై మార్కుల్లో పదకొండు. బోధనాభ్యాసం చేసిన బడిలోనే వస్తుందనుకున్న ఉద్యోగం. ఇంట్లో అడుగు పెట్టగానే "నాయనా, ఈ పొద్దు ఏం జరిగిందో తెల్సా" అని మొదలుపెట్టే అలవాటు. మూడోదాన్ని ఎలా కొలవాలో నాకు తెలియదు. మిగతా రెండూ దానికంటే చిన్నవి.

నేను జమ్మలమడుగులో పత్తి కాటా దగ్గర తూకాలు రాస్తాను. ఐదో తరగతితో బడి ఆగింది, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మాది గొర్రెలు మేపిన ఇల్లు. బి.ఎడ్. దాకా వచ్చిన మొదటి మనిషి మా అమ్మాయే. రోజూ బస్సులో పొద్దుటూరు కాలేజీకి పోయి వచ్చేది.

సెమినార్‌కు ఆమెకిచ్చిన అంశం గుప్త పాఠ్యప్రణాళిక. అదేందమ్మా అని అడిగితే, చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది.

"పుస్తకంలో ఉండే పాఠం ఒకటి నాయనా. పుస్తకంలో లేకుండా బడి నేర్పేది ఇంకోటి. గంట కొడితే లేయల్ల. వరసలో నిలబడల్ల. సారు అడిగితేనే నోరు తెరవల్ల. యాడా రాసుండదు. తప్పితే మాత్రం దెబ్బ పడ్తాది."

"రాయకపోతే ఎట్ల నేర్చుకుంటారు?"

"చూసి. ఎవర్ని మెచ్చుకుంటాండారు, ఎవర్ని చూసి నవ్వుతాండారు అని పిల్లోళ్లు కనిపెడ్తాంటారు. నేర్పుతాండానని ఆ సారుకే తెల్దు."

బోధనాభ్యాసం చేసిన బడిలో ఆమె వెనక కూర్చొని చూసింది. ముందు బెంచీ పిల్లవాడు తడబడితే సారు ఆగి, సగం జవాబు తానే అందించేవాడు. వెనక బెంచీ పిల్ల తడబడితే వెంటనే పక్కవాళ్లను అడిగేవాడు. కొన్నాళ్లకు ఆ పిల్ల చెయ్యెత్తడం మానేసింది. అప్పుడు ఆ పిల్లకు చదువు రాదన్నారు. ఊడ్చేది ఎప్పుడూ ఆడపిల్లలు, బెంచీలు మోసేది మగపిల్లలు. కొండాపురం దిక్కున రిజర్వాయరు కింద ఊరు మునిగి పునరావాస కాలనీకి వచ్చిన ఇంటి పాప ఒకతి "నీళ్లు యాడుండాయి సార్" అని ఇంట్లో మాట్లాడే యాసలోనే అడిగితే తరగతి నవ్వింది. సారూ నవ్వాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ పాప మళ్లీ నీళ్లు అడగలేదు. బడి పేరు పెట్టకుండా ఇవన్నీ స్క్రిప్టులో రాసింది.

మాట్లాడటానికి ఇరవై నిమిషాలు, ఆ తర్వాత ప్రశ్నలకు పది. ఇంట్లో చదువుతుంటే గడియారం చూశాను. ఇరవై రెండు వచ్చింది. మొదటి పేజీ నిండా వేదిక మీది పెద్దలకు వందనాలు. ఆమె దాన్నే కొట్టేసింది.

"పెద్దోళ్లు ఏమన్నా అనుకుంటారేమో పాపా."

"మార్కుల కాగితంలో విషయం, భాష, చార్టు, సమయం, నాలుగే ఉండాయి. వందనాలకు గడి లేదు నాయనా. ఆ పాప సంగతి మాత్రం తీసేయను."

చార్టులు నలగకుండా పట్టుకోవడానికి నేనూ వెళ్లి చివరి కుర్చీలో కూర్చున్నాను. శాలువా కప్పుకొని ముఖ్య అతిథిగా కూర్చున్నది ఆమె బోధనాభ్యాసం చేసిన బడి హెడ్మాస్టరే. ముందు మాట్లాడిన ఇద్దరూ ఆయన గొప్పతనంతో మొదలుపెట్టారు. మా అమ్మాయి నేరుగా విషయంలోకి దిగింది. ముందు వరసలో తలలు ఒకదాని వైపు ఒకటి తిరిగాయి.

నీళ్ల మాట దగ్గరికి వచ్చి, ఆ పాప అన్నట్టే అంది. హాలు నవ్వింది. ఆమె ఆగింది. "ఇప్పుడు మనం నవ్వినట్టే ఆ తరగతీ నవ్వింది" అని స్క్రిప్టులోంచే చదివింది.

ముగిశాక హెడ్మాస్టరు మైకు తీసుకున్నాడు. "ఏమ్మా, మా బళ్లో అన్నాళ్లు కూర్చోనిస్తిమి. ఒక నమస్కారమన్నా పెట్టకపోతివే! నువ్వు పిల్లోళ్లకు ఏం నేర్పుతావు తల్లీ?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. సెమినార్ నడుపుతున్న లెక్చరర్ కూడా నవ్వి, "ప్రశ్నలకు టైం లేదు, టీ తాగుదాం. అమ్మాయిలూ, కొంచెం కప్పులు అందించండమ్మా" అన్నాడు. చుడుతున్న చార్టు వదిలేసి మా అమ్మాయి కూడా ట్రే పట్టుకుంది. హెడ్మాస్టరుకు కప్పు అందించింది. చార్టు నేను చుట్టాను.

మార్కులు వచ్చినప్పుడు కాగితం కింద పెన్నుతో ఐదో గడి గీసి ఉంది. ప్రవర్తన, సున్నా. భాషకూ సున్నానే.

ఇప్పుడామె పులివెందులలో ఒక ప్రైవేటు బడిలో పని చేస్తోంది, అక్కడే గదిలో ఉంటోంది. మొన్న చెనిక్కాయల కారప్పొడి డబ్బా ఇవ్వడానికి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. పిల్లలందరూ నోటి మీద వేలు పెట్టుకొని కూర్చున్నారు. ఒక పిల్ల చెయ్యెత్తింది. మా అమ్మాయి చూసింది. చెయ్యి దించమని సైగ చేసింది.

బయటికి వచ్చాక అడిగాను. "ఆ పిల్ల ఏం అడగబోయిందో?"

"తెల్దు నాయనా. మా పెద్దసారు వరండాలో తిరుగుతాండాడు. తరగతి గమ్మునుంటేనే మంచి టీచరంటారు."

"అట్లని యాడన్నా రాసుండాదా?"

ఆమె నా చేతిలోని డబ్బా తీసుకుంది. "గంట కొడ్తాండారు. నువ్వు బస్సు చూసుకో."

లోపలికి వెళ్లిపోయింది. బస్టాండు దాకా నడుస్తూ ఆ సెమినార్ లెక్క ఇంకోసారి వేసుకున్నాను. మార్కులు వేసేశారు. ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ రెండు పద్దులూ మూసేసినవే. ఆమెను ప్రశ్నలు అడగడానికి, ఆమె జవాబు చెప్పడానికి ఇస్తామన్న సమయం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అది ఈ రోజుకీ పది నిమిషాల బాకీ.