పచ్చ లైట్లు వెలుగుతున్నా నెట్ రాని పూట

పొదిలి వైపు మా ఊళ్ళో నెట్ ఆగినప్పుడల్లా కారణం చెప్పే బాధ్యత నాది. దరఖాస్తులు నింపి, జిరాక్సులు తీసే చిన్న సెంటర్ నడుపుతున్నవాణ్ణి కదా, తప్పదు. ఒకసారి చిలకలు మిరపపళ్ళు తిన్న నోటితోనే తీగ కొరికాయనీ, ఆ ఘాటుకి ఒంగోలు దాకా కంప్యూటర్లన్నీ తుమ్మాయనీ చెప్పాను. ఇంకోసారి ఒంగోలు గిత్త ఒకటి వీపు దురద తీర్చుకోవడానికి స్తంభానికి రుద్దుకుంటే మూడూళ్ళ నెట్ ఊగిపోయిందన్నాను. ఈ రెండోదాంట్లో గిత్త నిజం, స్తంభం నిజం. ఊగిన ఊళ్ళు మాత్రం నావి.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో అంతా నిజమే. నమ్మకపోతే మా వీధి చివర ఉండే అక్కను అడగండి. పత్తి తీసే కూలీల ముఠాకి ఆమే మేస్త్రి. నలభైమంది ఆడవాళ్ళ ఇళ్ళు, ఎవరికి పసిబిడ్డ ఉంది, ఎవరికి నడుంనొప్పి, అన్నీ ఆమెకి నోటికి వచ్చు. ఊళ్ళోవాళ్ళ పత్తి తీయిస్తూనే తనూ మూడెకరాలు వేసుకుంది.

ఆ ఉదయం పత్తి అమ్ముకోవడానికి కొనుగోలు కేంద్రం వాళ్ళు ఆన్‌లైన్లో స్లాట్లు, అంటే ఎవరు ఏ రోజు ఏ పూట పత్తి తేవాలో చెప్పే వంతులు, తెరిచే రోజు. పదింటికి తెరుస్తారు. కాసేపట్లో నిండిపోతాయి. అక్క పత్తి అంతా ఇంట్లోనే ఉంది. మంచాలు బయటికి వేసి, నడవలో, వంటింటి గుమ్మం దాకా గుట్టపోసింది. ఆకాశం చూస్తే మబ్బు. తేమ పట్టిందంటే కేంద్రంలో వెనక్కి పంపేస్తారు. అప్పుడిక ఊళ్ళో దళారి అడిగిందే ధర. ఆ దళారి కూడా అప్పటికే వచ్చి, నా సెంటర్ ముందు బైకు మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు.

పది కావడానికి పావుగంట ఉందనగా నా ఫోన్ మీద చిన్న అక్షరాలు వచ్చాయి: వై-ఫై కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు.

"నెట్ పోయింది" అన్నాను.

"ఇయ్యాళ ఏం కొరికిందిరా తమ్ముడూ, ఏనుగా?" అంది అక్క.

"ఒట్టు అక్కా, నిజంగానే పోయింది."

"నెట్ కంపెనీవాడి తప్పయ్యా, సాయంత్రానికి గానీ రాదు" అని బయటినుంచి దళారి తీర్పు చెప్పాడు. "అక్కా, ఎందుకు తిప్పలు? బండి తెప్పించమంటావా?"

ఈలోగా వరసలో ఉన్న పెద్దాయన ఒకరు చొక్కాకున్న పిన్నీసు తీసి రౌటర్ వైపు కదిలారు. వెనక చిన్న బెజ్జంలో గుచ్చితే బాగవుతుందని ఆయన నమ్మకం. పోయినేడు ఓసారి గుచ్చారు కూడా. అందులో దాచిన లైన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోయి రెండు రోజులు దుకాణం మూసుకున్నాను. పరుగున వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. ఆ బెజ్జం జోలికి వెళ్ళొద్దు!"

కంపెనీకి ఫోన్ చేశాను. "మా వైపు అంతా బాగుందండి. రౌటర్ ఆపి ఆన్ చేయండి" అందొక అమ్మాయి. ఆపాను, ఆన్ చేశాను. అవే అక్షరాలు.

అక్క లోపలికొచ్చి బల్ల మీద చెయ్యి వేసింది. "కతలొద్దు. ఎక్కడ ఆగిందో చూసి చెప్పు."

నా జీవితంలో మొదటిసారి కథ చెప్పకుండా చెప్పాను. ముందు లైట్లు చూపించాను. "ఇదుగో, ఈ ఎర్ర లైటు వెలిగితే బయట తీగ తెగినట్టు. వెలగట్లేదు. దీని పక్క పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. అంటే తీగ బాగుంది." రౌటర్ అడుగున అంటించిన చీటీలోని నెంబరు కంప్యూటర్లో కొట్టాను. రౌటర్ పేజీ టక్కున తెరుచుకుంది. "ఇక్కణ్ణుంచి రౌటర్ దాకా దారి కూడా బాగుంది."

"మరి?"

కంప్యూటర్లో కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి, బయటి లోకంలోని ఒక సర్వర్ నెంబరుకి పిలుపు పంపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు జవాబులు వరసగా వచ్చాయి. ఈసారి నెంబరు బదులు స్లాట్ల సైటు పేరు కొట్టాను. అలాంటి పేరు దొరకలేదంది.

అక్క తెరమీదికి వంగింది. అక్షరాలు ఇంగ్లీషువి. ఆమె చూసింది అక్షరాల్ని కాదు, వరసల్ని.

"నెంబరు కొడితే పలుకుతోంది. పేరు కొడితే పలకట్లా. అంతేగా?"

"అంతే."

"అయితే రోడ్డు బాగుంది, కూలీల ఆటో బాగుంది. ఇళ్ళు తెలిసిన మేస్త్రి రాలేదు. మేస్త్రి లేకపోతే ఆటో ఎవరింటి ముందు ఆగిద్ది రా?"

ఆమె చెప్పింది అచ్చంగా డీఎన్ఎస్ సంగతే. డీఎన్ఎస్ అంటే ఏమిటో ఇన్నేళ్ళుగా ఎంతమందికి చెప్పానో! ఒక్కడికీ ఎక్కలేదు. పేరు చెబితే దాని నెంబరు చెప్పే సర్వర్ అది. ఫోన్లు కూడా నెట్ ఉందో లేదో చూసుకోవడానికి ఒక సైటును పేరు పెట్టే పిలుస్తాయి. ఆ పేరుకి నెంబరు చెప్పేవాడే లేకపోతే, లైన్ నిక్షేపంలా ఉన్నా, లేదనే రాస్తాయి.

"మేస్త్రి మనింటివాడా, కంపెనీవాడా?" అనడిగింది.

అసలైన ప్రశ్న అదే. రౌటర్ పేజీలో కంపెనీ ఇచ్చిన డీఎన్ఎస్ నెంబరు ఉంది. మధ్యలో రౌటర్‌ని తప్పించి, నేరుగా దాన్నే సైటు పేరు అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. బయట అందరికీ అందుబాటులో ఉండే ఇంకో డీఎన్ఎస్‌ని అడిగాను. నెంబరు వెంటనే చెప్పింది.

"కంపెనీవాడే అక్కా."

"ఇంకా చూస్తావేం? ఇంకో మేస్త్రిని మాట్లాడు!"

కంప్యూటర్ సెట్టింగుల్లో పాత నెంబరు తీసి కొత్తది రాశాను. పదికి ఇంకా రెండు నిమిషాలు. సైటు తెరుచుకుంది. పది కొట్టగానే అక్క ఫోన్‌కి ఓటీపీ మెసేజి వచ్చింది, ఆమె అంకెలు పైకి చదివింది, నేను కొట్టాను. గురువారం, ఉదయం పూట, మొదటి వరస స్లాట్. కాగితం మిషన్లోంచి బయటికొస్తుంటే వెచ్చగా ఉంది. దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

తర్వాత రౌటర్లో కూడా ఆ నెంబరే రాసి, అందరినీ వై-ఫై ఒకసారి ఆపి మళ్ళీ పెట్టమన్నాను. ఫోన్లమీద ఆ అక్షరాలు మాయమయ్యాయి. పెద్దాయన పిన్నీసు చొక్కాకి పెట్టేసుకున్నారు.

అక్క నా ఫోన్ లాక్కుని కంపెనీకి తనే కలిపింది. ఆ అమ్మాయి రౌటర్ ఆపి ఆన్ చేయమనబోయింది కాబోలు.

"ఆపామమ్మా, పెట్టామమ్మా. ఎర్ర లైటు లేదు, పచ్చది వెలుగుతోంది. రౌటర్ పేజీ వచ్చింది. నెంబరుకి జవాబొస్తోంది, పేరుకి రావట్లా. మీ మేస్త్రిని అడిగితే మాట్టాడట్లా, పక్కోడి మేస్త్రి చెబుతున్నాడు. మీ డీఎన్ఎస్ చూసుకోండి."

అవతల కీబోర్డు టకటకలాడింది. "ఒక్క నిమిషం మేడమ్" అంది అమ్మాయి. ఇన్నేళ్ళుగా నన్ను ఆ కంపెనీవాళ్ళు ఒక్కసారి కూడా నిమిషం ఆగమనలేదు. మధ్యాహ్నం వాళ్ళే ఫోన్ చేసి, లోపం తమ సర్వర్లోనే, సరిచేశామన్నారు.

దళారి బైకు తీస్తూ, "ఏంటక్కా, ఇంజినీరువైపోయావే!" అన్నాడు.

"మేస్త్రినేరా. అది చాల్దా?" అంది.

వాన బుధవారం సాయంత్రం పడింది. అక్క నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని తలుపు సందులన్నీ ప్లాస్టిక్ పట్టాలతో కప్పింది. గురువారం పొద్దున ట్రాక్టర్ మా సెంటర్ ముందునుంచే వెళ్ళింది. కేంద్రంలో తేమ చూసే మిషన్ గుచ్చినాయన రెండోసారి గుచ్చి చూసి, ఇంత పొడిగా ఎలా దాచావని అడిగాడట. తూకం చీటీ పట్టుకుని సాయంత్రం నేరుగా నా దగ్గరికే వచ్చింది.

ఈ కథ ఎక్కడ చెప్పినా, అక్క నల్ల తెరమీద తనే కమాండ్లు కొట్టిందని చెబుతుంటాను. పక్కన ఆమె ఉంటే ఊరుకోదు.

"కొట్టింది వాడేనయ్యా" అంటుంది. "చెప్పింది నేను."