మేక దూకని టీవీ

మగ్గాలు పరమేశ్ మాట వింటాయి. సూరత్ బమ్రోలి గల్లీల్లో ఏ కార్ఖానాలో మగ్గం మొండికేసినా సేఠ్ ముందుగా ఫోను చేసేది ఆయనకే. చెవి ఒగ్గి విని, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎక్కడ ఆలస్యమవుతోందో చెప్పేస్తాడు. స్పానరు తిప్పి, రెండు చుక్కల నూనె వేసి, టీ తాగి వచ్చేస్తాడు. సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చినవాళ్లలో అంత చెయ్యి తిరిగిన ఫిట్టరు లేడని అందరూ అంటారు, ఆయన కాదనడు. అలాంటి మనిషిని చేటంత కూడా లేని ఒక ప్లాస్టిక్ డబ్బా నెల రోజులకు పైగా ఏడిపించింది. చేతకాక ఏడవడమంటే ఏమిటో ఆయనకు అప్పుడే తెలిసింది.

సంగతంతా వాళ్లమ్మ కుడిచేతిది. లలితమ్మకు చలికాలంలో పక్షవాతం వచ్చింది. కాలు కుదుటపడింది, మాట తిరిగి వచ్చింది, చెయ్యి మాత్రం సగంలో ఆగింది. వేళ్లు ఆడిస్తూ ఉండకపోతే అవి అలాగే బిగిసిపోతాయని వ్యాయామం చేయించే డాక్టరమ్మ గట్టిగా హెచ్చరించింది. పిసకమని మెత్తటి బంతి ఇచ్చింది. లలితమ్మ దాన్ని మంచం కిందికి దొర్లించి, మళ్లీ దాని మొహం చూడలేదు.

"నేనేమన్న పసిపోరినా, బంతితోని ఆడుకోను?" అని ఒక్కటే మాట. పరమేశ్ బతిమాలాడు, అరిచాడు, కోడలు జమున అన్నం ముద్ద పట్టుకుని బేరం పెట్టింది. ఆమె కదల్లేదు. ఒకరోజు మాత్రం, పక్కింటి పిల్లలు ఫోనులో ఏదో ఆట ఆడుతుంటే చూసి, మూతి విరిచింది. "గదేం ఆట? మా మేక ఆట ఉంటె జూపిద్దును, ఆడుడంటె ఏందో."

ఆ మాట పరమేశ్ పట్టుకున్నాడు. ఆయన చిన్నప్పుడు ఈ ఇంటి ముందుగది ఆటల కొట్టు. నాన్న మగ్గం మీదికి పోతే, అమ్మ ఇక్కడ రెండు డబ్బా టీవీలు, రెండు వీడియోగేములు పెట్టి నడిపేది. షిఫ్టు దిగిన కుర్రాళ్లు చిల్లర ఇచ్చి ఆడిపోయేవారు. గుంటలు దూకుతూ కొండెక్కే మేకపిల్ల ఆటలో లలితమ్మను ఓడించినవాడు బమ్రోలిలో లేడు. గెలిచినవాడికి ఊరికే టీ అని పందెం పెట్టేది, ఎవరికీ ఆ టీ పోయలేదు. బంతి పట్టని చెయ్యి ఆ ఆట రిమోటు పడుతుందేమోనని కొడుక్కి ఆశ పుట్టింది.

ఆశకు తొందరెక్కువ. ఫోనులో వెతికి, పాత ఆటలన్నీ లోపలే ఉన్న 'క్లాసిక్ మినీ' అనేదాన్ని తెప్పించాడు. పేరున్న కంపెనీ మినీలు ఎంత పలుకుతాయో ఆ పక్కనే కనబడుతూనే ఉంది. ఇది అందులో పదోవంతు. అంత తేడా ఎందుకుందని అడగాల్సిన మనిషి, మగ్గం విషయంలో వందసార్లు అడిగే మనిషి, ఇక్కడ అడగలేదు. వచ్చిన డబ్బా మీద కంపెనీ పేరే లేదు. వందల ఆటలని అట్ట మీద రాసుంది, తెరిస్తే అవే నాలుగైదు ఆటలు రంగులు మార్చుకుని మళ్లీమళ్లీ వస్తున్నాయి. మేక ఎక్కడా లేదు. మినీలో ఉన్న ఆటలే ఉంటాయి, బయటి ఆట క్యాసెట్టు పెట్టేందుకు దానికి నోరే ఉండదని అప్పుడు తెలిసింది. వెనక్కి పంపుతానంటే, అట్ట చింపారు కాబట్టి కుదరదని జవాబొచ్చింది.

"మేకను కొంటనని పోయి ఏం తెచ్చినవ్?" అంది జమున. పరమేశ్ ఆ పూట అన్నం తినలేదు.

రెండోసారి జాగ్రత్తగా వెళ్లాడు. స్టేషను వెనక గల్లీలో ఓంప్రకాష్ అనే ఆయన పాత వీడియోగేములు బాగుచేసి అమ్ముతాడు. కొట్టంతా విప్పిన డబ్బాలు, చుట్టలు చుట్టిన వైర్లు. పాతబడి పసుపుపచ్చగా మాగిపోవాల్సిన డబ్బా ఒకటి తెల్లగా మెరుస్తూ కనబడింది. జపాను అసలు పీసు, రీఫర్బిష్ చేశాను, అయిదువేలు అన్నాడు ఓంప్రకాష్. పరమేశ్ మురిసిపోలేదు. కొత్త రంగేసిన పాత మగ్గాన్ని ఎన్నడూ నమ్మని వాడు మరి. మూత విప్పి చూపించమన్నాడు. లోపల పెద్ద చిప్పుల వరసకు బదులు బోర్డు మధ్యన ఒక నల్లటి తారుబొట్టు ఉంది. అమ్మ కొట్టులోని చవక డబ్బాలు విప్పినప్పుడు చూసిన బొట్టే.

"భయ్యా, ఇది మనకాడ గల్లీగల్లీకి అమ్మిన నకలే గదా?" అని హిందీలో అడిగాడు.

ఓంప్రకాష్ నవ్వేసి ఒప్పుకున్నాడు. అయితే ఏం మార్చావని అడిగితే, క్యాసెట్టు పెట్టే చోట పిన్నులు మార్చాను, అడాప్టరు కొత్తది, రిమోటుల్లో రబ్బర్లు కొత్తవి అని ఒక్కొక్కటీ చూపించాడు. ఆ పని నిజమే. పని చేసినదానికి ధర ఉండాలి, జపాను పేరుకు ఉండకూడదు అన్నాడు పరమేశ్. నకలు మామూలుగా ఎంతకు దొరుకుతుందో నాలుగుచోట్ల ఆరా తీసే వచ్చాడు. బేరం రెండువేల రెండువందల దగ్గర తెగింది, మేక ఉన్న క్యాసెట్టుతో సహా, రెండు నెలల్లోపు చెడితే బాగుచేసిచ్చే మాటతో. కొట్టులో ఉన్న డబ్బా టీవీకి తగిలించి ఆడించి చూపించాడు కూడా. మేక దూకింది. పరమేశ్ ఈల వేసుకుంటూ బండెక్కాడు.

అసలు యాతన ఇంట్లో మొదలైంది. వీడియోగేముకు ఉన్నవి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు. గోడకున్న కొత్త టీవీ వెనక అలాంటి రంధ్రాలే లేవు, హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది. కొట్టులో ఆడిన టీవీ వేరు, ఇంట్లో ఆడాల్సిన టీవీ వేరు. ఏ మగ్గమైనా ఏ కార్ఖానాలో నడవాలో అక్కడి కరెంటు, అక్కడి నేల చూడందే కొననివ్వనివాడు ఈ సంగతి మరిచాడు. బజారుకెళ్లి కన్వర్టరు తెచ్చాడు. తగిలిస్తే తెర నల్లగానే ఉంది. వైర్లు తిప్పాడు, టీవీ ఆపి పెట్టాడు, గోడను తిట్టాడు. చివరికి తిరగేసి చూస్తే, అది హెచ్‌డీఎంఐని పాత వైర్లలోకి మార్చేది. కావలసింది పాత వైర్లను హెచ్‌డీఎంఐలోకి మార్చేది. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. మళ్లీ బజారు. రెండోదానికి దాని సొంత కరెంటు వైరు పెడితేగాని ప్రాణం రాదని తెలిసేసరికి ఇంకో పూట పోయింది.

బొమ్మ వచ్చింది. కాని తెరమీద మేకకు బదులు గళ్లూ గీతలూ. క్యాసెట్టు సరిగ్గా కూర్చోవడం లేదు, బిగుతుగా ఉంది. బిగుతుగా ఉన్నదానికి ఏం చెయ్యాలో పరమేశ్ చేతికి ఎప్పట్నుంచో తెలుసు. సంచిలోంచి మగ్గం నూనె తీసి, క్యాసెట్టు పిన్నుల మీద, లోపల నోట్లో రెండేసి చుక్కలు వేశాడు.

మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న లలితమ్మ ఆ నూనె వాసనకు లేచి కూర్చుంది.

"ఏం జేస్తున్నవ్‌రా? గదేమన్న మగ్గమా, నూనె పొయ్యనీకి?"

"బిగుతున్నదే అమ్మా."

"బిగుతుంటెనే బొమ్మొస్తది! గీ గల్లీల ఎగిరే దూదంత దానికే అతుక్కుంటది. ఇటు తే. జమునా, మెడికల్ షాపుల స్పిరిటు, చెవుల పుల్లలు పట్కరాపో బిడ్డా."

ఎడమచేత్తో క్యాసెట్టు పట్టుకుని, కుడిచేత్తో పుల్ల పట్టుకుంది. పుల్ల జారింది. జమున తీసిచ్చింది, మళ్లీ జారింది. పరమేశ్ సాయం పోబోతే మోచేత్తో నెట్టేసింది. పిన్నులు తుడిచి, డబ్బా నోరు తుడిపించి, బాగా ఆరేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తరవాత క్యాసెట్టు తానే దిగ్గొట్టింది. తెర మీద కొండ వచ్చింది, కొండ కింద మేకపిల్ల నిలబడింది. పరమేశ్ ఇన్ని రోజుల తిప్పలూ తీరాయనుకున్నాడు.

తీరలేదు. లలితమ్మ రిమోటు ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నొక్కింది. మేక గుంట అంచుకు వచ్చి, దూకకుండా లోపల పడింది. మళ్లీ నొక్కింది, మళ్లీ పడింది. మొట్టమొదటి గుంట, పసిపిల్లలు కూడా దాటే గుంట. ఆమె పళ్ల బిగువున ఇంకా ఇంకా ఆడింది. ప్రతిసారీ వేలు నొక్కుతూనే ఉంది, మేక పడిపోతూనే ఉంది. ఆఖరికి రిమోటు పక్కన పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పడేసుకుంది.

"చెయ్యి సచ్చిపోయిందిరా, పరమేశు. ఇగ నన్ను సతాయించకు. బంతి గింతి వద్దు, ఏదొద్దు."

గోడవైపు తిరిగింది. పరమేశ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ మీదా, ఓంప్రకాష్ మీదా, కన్వర్టరు మీదా, అందరికన్నా ఎక్కువగా తన మీదా. బాగుచేద్దామని తెచ్చిన వస్తువే ఆమె చేతిలో ఉన్న కాస్త ధైర్యాన్నీ లాగేసింది.

"సేతగాదని ముందే అనుకుంటె ఎట్లనే! చూడు, గిట్ల నొక్కాలె!" అని రిమోటు లాక్కుని తానే ఆడాడు.

మేక గుంటలో పడింది.

ఇంకోసారి. పడింది. ఆయన చేతులకు ఏ జబ్బూ లేదు, రోజూ నాడెల వేగంతో పనిచేసే చేతులు. మూడోసారి తెర చూడడం మానేసి, వేలు వంకే చూస్తూ నొక్కాడు. నొక్కిన చప్పుడు ముందు వినిపించింది, ఎగిరిన చప్పుడు తరవాత వచ్చింది. వేలికీ మేకకూ మధ్య రెప్పపాటు ఎడం ఉంది. నాడె వచ్చేసరికి పడుగు దారాల మధ్య దారి మూసుకుపోయే మగ్గాన్ని ఆయన ఎన్నిసార్లు పట్టుకోలేదు!

వెంటనే ఓంప్రకాష్‌కు ఫోను చేశాడు. అది ఉంటుంది భయ్యా, కన్వర్టరు బొమ్మను మార్చడానికి కాస్త, కొత్త టీవీ దాన్ని సాగదీసి చూపించడానికి ఇంకాస్త టైం తీసుకుంటాయి అన్నాడతను. సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే పెట్టు, తగ్గుతుంది, పూర్తిగా పోవాలంటే డబ్బా టీవీయే అన్నాడు. ఇది కొన్ననాడే చెప్పాలని పరమేశ్ అరిచాడు. నువ్వు ఏ టీవీ ఉందో చెప్పలేదుగా అన్నాడు ఓంప్రకాష్. అదీ నిజమే, ఆ నిజానికి ఒళ్లు ఇంకా మండింది.

గేమ్ మోడ్ పెడితే కొంచెం తగ్గింది. మేక రెండుసార్లకు ఒకసారి దూకుతోంది. లలితమ్మ గోడవైపు నుంచి మెల్లగా తల తిప్పింది.

"నువ్వు గూడ పడ్డవా?"

"పడ్డనే. అందరు పడ్తరు. నీ చెయ్యి గాదమ్మా, గీ టీవీ."

ఆమె లేచి కూర్చుంది. తరవాత కొట్టు నడిపినప్పటి గొంతుతో అంది: "ఐతె ఇంక గీడ కూసున్నవేంది? పోయి డబ్బా టీవీ పట్కరా."

పాత సామాను కొట్టులో తూకం లెక్కన అమ్మేవాళ్ల దగ్గర దుమ్ముకొట్టుకున్న టీవీ ఒకటి దొరికింది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు, నడుము పట్టేసింది. పసుపు వైరు పసుపు రంధ్రంలో, తెలుపు తెలుపులో. కన్వర్టరూ లేదు, ఏమీ లేదు. లలితమ్మ నొక్కింది, మేక దూకింది. మొదటి గుంట, రెండోది, ఆ తరవాత రాళ్లు దొర్లే మలుపు. బొటనవేలు తెల్లబడేలా నొక్కుతోంది. మలుపు దాటాక, ఇరుకు గుంట దగ్గర వేలు జారింది. మేక పడిపోయింది.

పరమేశ్ టీవీదే తప్పని చెప్పడానికి నోరు తెరిచాడు.

"నోర్మూసుకో," అంది లలితమ్మ. ఆమె మొహం వెలిగిపోతోంది. "టీవీది గాదు. గిది నా తప్పే. లేటుగ నొక్కిన." మళ్లీ మొదలుపెట్టడానికి రిమోటు సర్దుకుంటూ, కోడలి వైపు తిరిగింది. "జమునా, వీనికి జర చాయ్ పెట్టు. పందెం గెలిచిండని గాదు."